లైవ్‌కి ముందు రిమైండర్లు: రోజుకొకటా, దగ్గరపడే కొద్దీ పెంచాలా, చివరి రెండు రోజులు చాలా?

విశాఖలో ఒక పన్నుల సలహాదారు ఉద్యోగుల కోసం ఉచిత వెబినార్ పెడుతున్నారనుకోండి. ఫారం 16 చేతికొచ్చాక, రిటర్న్ వేసే ముందు ఏమేం సరిచూసుకోవాలన్నది విషయం. జూలై 5 ఆదివారం, సాయంత్రం 7 గంటలకు యూట్యూబ్‌లో లైవ్. చూసేవాళ్లలో గాజువాక, కూర్మన్నపాలెం వైపు షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు ఎక్కువ. మధురవాడ, రుషికొండ వైపు ఐటీ ఉద్యోగులు కొందరు, రిటైరైనవాళ్లు కొందరు. ఆయన చేతిలో 180 మంది ఉన్న వాట్సాప్ గ్రూపు, ఒక ఇన్‌స్టాగ్రామ్ ఖాతా, యూట్యూబ్ చానల్ ఉన్నాయి. పేర్లు నమోదు చేసుకోవడానికి ఒక గూగుల్ ఫారం పెట్టారు.

ఎన్నిసార్లు గుర్తుచేయాలి, ఎప్పుడెప్పుడు చేయాలి? జనం సాధారణంగా మూడు పద్ధతుల్లో ఒకటి పట్టుకుంటారు. మొదటిది రోజుకొకటి: "ఇంకా 7 రోజులు, ఇంకా 6 రోజులు" అంటూ ఏడు పోస్టర్లు. రెండోది దగ్గరపడే కొద్దీ ఎడం తగ్గించడం: వారం ముందు ఒకటి, మూడు రోజుల ముందు ఒకటి, ముందురోజు ఒకటి, ఆ రోజు రెండు. మూడోది చివరి రెండు రోజుల్లోనే రెండు మూడు సందేశాలతో సరిపెట్టడం.

ఈ మూడింట్లో ఏది మంచిదో రోజుల లెక్క చూస్తే తేలదు. చూడబోయే మనిషి చేయాల్సిన పనులేమిటో చూస్తే తేలుతుంది. ఈ వెబినార్‌కి రావాలంటే అతను నాలుగు పనులు చేయాలి. ఆ సాయంత్రం ఖాళీ ఉంచుకోవాలి, పేరు నమోదు చేసుకోవాలి, ఫారం 16 దగ్గర పెట్టుకోవాలి, 7 గంటలకి లింకు నొక్కాలి. ఒక్కో పని చేయడానికి వీలైన సమయం ఒక్కోటి. రిమైండర్ ఆ సమయానికి అందితే పని జరుగుతుంది. ఏ పనీ చెప్పకుండా "ఇంకా 5 రోజులే" అని మాత్రమే వచ్చే పోస్టుతో ఎవరూ ఏమీ చేయలేరు. గ్రూపును మ్యూట్ చేయడం మాత్రం చేయగలరు.

ముందు, వాటంతటవే వెళ్లేవి లెక్కపెట్టండి

సొంత పోస్టులు షెడ్యూల్ చేయబోయే ముందు మీ ప్లాట్‌ఫాం తనంతట తానే ఎన్ని రిమైండర్లు పంపుతుందో చూసుకోవాలి. ఎక్కువమంది దాటవేసే మెట్టు ఇదే. దీన్ని దాటవేస్తే ఒకే మనిషికి పావుగంటలో మూడు చోట్ల నుంచి మూడు నోటిఫికేషన్లు పడతాయి.

యూట్యూబ్‌లో లైవ్‌ని ముందుగా షెడ్యూల్ చేస్తే దానికొక వెయిటింగ్ పేజీ వస్తుంది. అక్కడ `Notify me` నొక్కినవాళ్లకి లైవ్‌కి సుమారు 30 నిమిషాల ముందు ఒక నోటిఫికేషన్, మొదలవగానే ఇంకొకటి వెళ్తాయి. నొక్కనివాళ్లకి ఆ అరగంట ముందుది రాదు. అందుకే లైవ్‌కి ముందు పెట్టే పోస్టుల్లో "చూడండి" అనడం కన్నా "ఈ పేజీ తెరిచి `Notify me` నొక్కండి" అనడం లాభం. లైవ్ రోజుకి ముందే ఒక్కసారి ఆ పని చేయించగలిగితే చివరి గంటలో గుర్తుచేసే బాధ్యత చాలావరకు యూట్యూబే తీసుకుంటుంది.

ఇన్‌స్టాగ్రామ్‌లో బిజినెస్, క్రియేటర్ ఖాతాలకి పోస్టుతో పాటు రిమైండర్ జోడించే వీలుంది. దాన్ని నొక్కినవాళ్లకి ఒక రోజు ముందు, 15 నిమిషాల ముందు, సరిగ్గా ఆ సమయానికి, మొత్తం మూడు నోటిఫికేషన్లు వెళ్తాయి. స్టోరీలో పెట్టే కౌంట్‌డౌన్ స్టిక్కర్ సంగతి వేరు. స్టోరీ 24 గంటల్లో పోతుంది కాబట్టి ఆ ఒక్క రోజులో చూసి నొక్కినవాళ్లకే అది పనికొస్తుంది.

జూమ్ వెబినార్ అయితే నమోదు చేసుకున్నవాళ్లకి వారం ముందు, రోజు ముందు, గంట ముందు ఈమెయిల్ వెళ్లేలా సెట్టింగుల్లో ఎంచుకోవచ్చు. మూడూ ఎంచుకుంటే మీరు సొంతంగా పంపాల్సినవి సగానికి తగ్గుతాయి. గూగుల్ ఫారంతో పేర్లు తీసుకుంటే మాత్రం ఇలాంటి సాయం ఏదీ లేదు. ఫారం పేర్లు దాచిపెడుతుందే గానీ ఎవరికీ దేన్నీ గుర్తుచేయదు. మన ఉదాహరణలో ఉన్నది ఫారమే కాబట్టి వాట్సాప్ భారం మొత్తం మనిషి మీదే పడుతుంది.

మూడు పద్ధతులు ఎక్కడ సరిపోతాయి

రోజుకొకటి పెట్టే పద్ధతిని పూర్తిగా కొట్టిపారేయలేం. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ ఫీడ్‌లో పెట్టిన ప్రతి పోస్టూ మీ ఫాలోవర్లందరికీ కనిపించదు. నిన్న చూసినవాళ్లు వేరు, ఇవాళ చూసేవాళ్లు వేరు. కాబట్టి అక్కడ ఎక్కువసార్లు పెట్టినా ఒకే మనిషి విసుక్కునే అవకాశం తక్కువ. ఇక స్టోరీలు ఏ రోజువి ఆ రోజే పోతాయి. కానీ ప్రతి పోస్టులో కొత్త మాట ఉండాలి. ఆదాయపు పన్ను పోర్టల్‌లో మన ఆదాయ వివరాలు చూపించే ఏఐఎస్ అంటే ఏమిటో ఒక రోజు, పాత యజమాని ఇచ్చిన ఫారం 16ని కలపడం ఎలాగో ఒక రోజు, బ్యాంకు వడ్డీ మరచిపోతే ఏమవుతుందో ఒక రోజు చెబితే ఏడు పోస్టులూ చదివిస్తాయి, అడుగున తేదీ, సమయం గుర్తుచేస్తాయి. అంకె ఒక్కటే మార్చిన ఏడు పోస్టర్లకి ఆ శక్తి ఉండదు.

అదే పద్ధతిని వాట్సాప్ గ్రూపులోకి తెస్తే దెబ్బతింటుంది. అక్కడ ప్రతి సందేశం ప్రతి ఫోన్లోనూ మోగుతుంది. నాలుగో రోజుకి కొందరు మ్యూట్ చేస్తారు. అలా మ్యూట్ చేసినవాళ్లకే ఆదివారం 6:50కి పంపే అసలు లింకు వినపడదు. మొదటి ఆరు సందేశాలకీ మీరు కట్టిన వెల అదే. మ్యూట్ చేసిన సంగతి మీకు కనిపించదు కూడా. గ్రూపు వదిలి వెళ్లినవాళ్లే కనిపిస్తారు. ఇద్దరు వెళ్లిపోయారంటే చెప్పకుండా మ్యూట్ చేసినవాళ్లు అంతకంటే ఎక్కువే ఉంటారని అనుకోవచ్చు.

చివరి రెండు రోజుల పద్ధతి ప్రతివారం జరిగే లైవ్‌కి సరైనది. ప్రతి బుధవారం రాత్రి 8కి ఉంటుందని అందరికీ అలవాటైపోయినప్పుడు ఎవరూ కొత్తగా ఖాళీ చూసుకోనక్కర్లేదు, పత్రాలు తెచ్చుకోనక్కర్లేదు. మంగళవారం సాయంత్రం ఈ వారం విషయమేమిటో ఒక సందేశం, బుధవారం 7:50కి లింకు. అంతకు మించి పంపితే ఎక్కువే. అయితే మన వెబినార్ లాంటి ఒక్కసారి కార్యక్రమానికి ఈ పద్ధతి పనికిరాదు. శనివారం రాత్రి "ఫారం 16 దగ్గర పెట్టుకోండి" అంటే, ఇంకా తీసుకోనివాళ్లు ఆదివారం పొద్దున ఎవరినడుగుతారు?

మిగిలింది ఎడం తగ్గిస్తూ వచ్చే పద్ధతి. నమోదు, ముందస్తు తయారీ రెండూ ఉన్న వెబినార్‌కి మా సలహా ఇదే. కాకపోతే 7, 3, 1 అన్న అంకెల్ని కళ్లు మూసుకుని వాడొద్దు. ఆ అంకెలు ఏ వారం మీద, ఏ గంట మీద పడుతున్నాయో చూసుకుని జరుపుకోవాలి.

జూలై 5 వెబినార్‌కి వేసిన లెక్క

మొదట పంపే గంట సంగతి. ఉక్కు కర్మాగారం లాంటి చోట్ల మూడు షిఫ్టులు నడుస్తాయి. మామూలుగా ఉదయం 6కి ‘ఏ’, మధ్యాహ్నం 2కి ‘బి’, రాత్రి 10కి ‘సి’ షిఫ్టు మొదలవుతాయి. ఉదయం 9కి సందేశం పంపితే ‘ఏ’ షిఫ్టు వాళ్లు పనిలో ఉంటారు, రాత్రి సి షిఫ్టు చేసొచ్చినవాళ్లు నిద్రలో ఉంటారు. వాళ్లు ఫోను చూసే వేళకి మీ సందేశం ఇరవై గుడ్ మార్నింగుల కింద ఉంటుంది. మధ్యాహ్నం 2కి పంపితే అది షిఫ్టు మారే హడావుడి. రాత్రి 8:30 మేలు. ‘ఏ’ షిఫ్టు వాళ్లు ఇంట్లో ఉంటారు, సి షిఫ్టు వాళ్లు బయల్దేరబోతూ ఒకసారి ఫోను చూస్తారు, బి షిఫ్టు వాళ్లకి 10 దాటాక ఇంటికొచ్చి చూసేసరికి అది ఇంకా పైనే ఉంటుంది. ఐటీ వాళ్లకీ, రిటైరైనవాళ్లకీ ఆ వేళతో ఇబ్బంది లేదు. అందుకని లైవ్ రోజు తప్ప మిగతావన్నీ రాత్రి 8:30కే పెట్టాం.

మొదటి సందేశం జూన్ 28 ఆదివారం. ఖాళీ ఉంచుకోమనడం, పేరు నమోదు చేయించడం దీని పని. "మీ ఫారం 16లో ఉన్న జీతమూ, పోర్టల్‌లో ఏఐఎస్ చూపిస్తున్న జీతమూ ఒకటేనా? తేడా ఉంటే ఏం చేయాలో జూలై 5 ఆదివారం సాయంత్రం 7 నుంచి 8 వరకు యూట్యూబ్ లైవ్‌లో చెబుతాం. పేరు ఇక్కడ నమోదు చేసుకోండి. ఆ వేళకి డ్యూటీలో ఉండేవాళ్లు కూడా నమోదు చేసుకుంటే రికార్డింగ్ పంపుతాం." ఈ చివరి వాక్యం ముఖ్యం. ఆ రోజు బి షిఫ్టు పడ్డవాళ్లు ఎన్నిసార్లు గుర్తుచేసినా 7కి రాలేరు. ఫారంలోనే "లైవ్ చూస్తాను, రికార్డింగ్ కావాలి" అని రెండు గడులు పెట్టండి. షిఫ్టు మార్చుకునే వీలున్నవాళ్లకి కూడా వారం గడువు ఉంటుంది.

రెండోది జూలై 2 గురువారం. మూడు రోజుల ముందు అన్న లెక్క ఇక్కడ చక్కగా కుదిరింది. ఎందుకంటే మర్నాడు శుక్రవారం ఆఫీసులు పనిచేస్తాయి. ఫారం 16 ఇంకా తీసుకోనివాళ్లు ఆ రోజు అడిగి తెచ్చుకోగలరు. ఈ సందేశంలో పత్రాల సంగతి తప్ప మరేదీ పెట్టకండి: ఫారం 16 రెండు భాగాలూ, పోర్టల్ నుంచి దింపుకున్న ఏఐఎస్, బ్యాంకు వడ్డీ వివరం. లైవ్ సోమవారం అయితే ఈ సందేశం సరిగ్గా మూడు రోజుల ముందు, అంటే శుక్రవారం రాత్రి పడుతుంది. అప్పుడు దాన్ని గురువారానికి జరపాలి. దూరం మూడు రోజులా నాలుగు రోజులా అన్నది ముఖ్యం కాదు, చెప్పిన పని చేయడానికి ఒక పనిదినం మిగిలిందా లేదా అన్నది ముఖ్యం.

మూడోది జూలై 4 శనివారం. యూట్యూబ్ వెయిటింగ్ పేజీ లింకు, `Notify me` ఎక్కడ నొక్కాలో చూపించే ఒక స్క్రీన్‌షాట్. అంతే.

లైవ్ రోజు రెండు. చాలామంది గంట ముందు ఒకటి పెడతారు, అంటే సాయంత్రం 6కి. విశాఖలో ఆదివారం సాయంత్రం 6 అంటే పిల్లల్ని తీసుకుని ఆర్కే బీచ్‌కో, కైలాసగిరికో బయల్దేరినవాళ్లు అప్పటికే దారిలో ఉంటారు. అప్పుడు గుర్తుచేస్తే అయ్యో అనుకుంటారు గానీ వెనక్కి రారు. సాయంత్రం ఏం చేయాలన్నది ఇంట్లో మాట్లాడుకునేది పొద్దున, టిఫిన్లు అయ్యాక. కాబట్టి ఆ రోజు మొదటి సందేశం ఉదయం 10:30కి వెళ్లాలి. గంట ముందుది వదిలేయండి. `Notify me` నొక్కినవాళ్లకి 6:30 ప్రాంతంలో యూట్యూబ్ ఎలాగూ చెబుతుంది. అదే పనిదినం సాయంత్రం లైవ్ అయితే లెక్క తిరగబడుతుంది. అప్పుడు ఆఫీసు నుంచి బయల్దేరే వేళకి, అంటే గంటా గంటన్నర ముందు అందేదే పనికొస్తుంది.

చివరిది 6:50కి, లింకు ఒక్కటే. అరగంట ముందు పంపితే జనం నొక్కి, ఖాళీ పేజీ చూసి, బయటికెళ్లి మరచిపోతారు. సరిగ్గా 7కి పంపితే ఆ పేజీ తెరిచేలోపు మొదటి ఐదు నిమిషాలు పోతాయి. పది నిమిషాలన్నది చేతిలో పని ముగించుకుని కూర్చోడానికి సరిపోతుంది, మరచిపోవడానికి చాలదు.

మొత్తం ఐదు సందేశాలు. ఇవి కూడా ఎక్కువనిపిస్తే శనివారం రాత్రిది తీసేసి దాని లింకునీ స్క్రీన్‌షాట్‌నీ ఆదివారం ఉదయం సందేశంలో కలిపేయండి. గురువారంది మాత్రం తీయకండి.

ఇన్‌స్టాగ్రామ్‌కి వేరే వరస. జూన్ 28నే రిమైండర్ జోడించిన పోస్టు ఒకటి పెడితే శనివారంది, ఆదివారం 6:45ది, 7 గంటలది అదే చూసుకుంటుంది. మధ్యలో సోమ, బుధ, శుక్రవారాల్లో విషయం చెప్పే పోస్టులు మూడు, ఆదివారం ఉదయం కౌంట్‌డౌన్ స్టిక్కర్‌తో ఒక స్టోరీ. ప్రొఫెషనల్ ఖాతాలో పోస్టుల్ని 75 రోజుల ముందు వరకు షెడ్యూల్ చేయొచ్చు కాబట్టి ఒక్కసారి కూర్చుంటే స్టోరీ తప్ప మిగతా పనైపోతుంది. ఆదివారం యూట్యూబ్‌లో మాత్రం టీజర్ షార్ట్‌లు ఎక్కించకండి. ఒక చానల్ నుంచి 24 గంటల్లో కొత్త వీడియోలకీ లైవ్‌లకీ కలిపి మూడు నోటిఫికేషన్లకి మించి సబ్‌స్క్రైబర్లకి వెళ్లవు. పొద్దున మూడు షార్ట్‌లు పెట్టి ఆ మూడూ వాడేస్తే సాయంత్రం లైవ్ మొదలైన కబురే కొందరికి అందకపోవచ్చు.

వాట్సాప్ చేత్తో, టెలిగ్రాం తనంతట తానే

టెలిగ్రాంలో పంపే బాణం గుర్తును నొక్కి పట్టుకుంటే సందేశాన్ని ఫలానా రోజు, ఫలానా సమయానికి పెట్టొచ్చు. ఫోను ఆఫ్‌లో ఉన్నా సర్వర్ నుంచి వెళ్లిపోతుంది. శబ్దం లేకుండా పంపే వీలూ అక్కడే ఉంది. గురువారం సందేశం లాంటివి అలా పంపితే మర్యాదగా ఉంటుంది. మీ ప్రేక్షకులు నిజంగా టెలిగ్రాంలో ఉంటే, ముఖ్యంగా పోటీ పరీక్షల విద్యార్థులైతే, అదే సుఖం.

ఈ వెబినార్ ప్రేక్షకులు వాట్సాప్‌లో ఉన్నారు. వాట్సాప్‌ని చేత్తో పంపే దారిగానే ప్లాన్ చేసుకోండి. వాటంతటవే పంపిస్తామనే అనధికార యాప్‌ల జోలికి వెళ్లొద్దు, నంబరే బ్లాక్ అయ్యే ప్రమాదం ఉంది. ఐదు సందేశాలూ ముందే రాసి మీతో మీరే చాట్ చేసుకునే చోట వరసగా పెట్టుకుని, ఫోన్లో ఐదు అలారాలు పెట్టుకుంటే చాలు. 6:50ది మాత్రం లైవ్‌లో మాట్లాడే మనిషి పంపకూడదు. ఆ సమయంలో ఆయన మైకు సరిచూసుకుంటూ ఉంటారు. ఆ పని ఇంకొకరికి అప్పగించి, వాళ్లనీ గ్రూపులో అడ్మిన్‌ని చేయండి.

గ్రూపు బదులు బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఒక లిస్టులో 256 మందికి మించి పట్టరు, పైగా మీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది అందుతుంది. ఫారంలో నంబరు ఇచ్చారు కదా అని లిస్టులో వేస్తే సగం మందికి ఏమీ రాకపోవచ్చు, మీకేమో పంపినట్టే ఉంటుంది. నమోదు పూర్తయ్యాక కనిపించే మాటలోనే "ఈ నంబరు సేవ్ చేసుకోండి" అని రాయాలి.

గ్రూపు అయితే ప్రమాదం వేరు. 6:50కి లింకు పెట్టగానే "ధన్యవాదాలు సార్", "వస్తున్నాం", దండాల బొమ్మలు వరసకట్టి లింకుని పైకి నెట్టేస్తాయి. 7:05కి వచ్చినవాళ్లు "సార్, లింకు పెట్టండి" అంటారు. 6:45 నుంచి 7:30 వరకు అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చి, లింకున్న సందేశాన్ని 24 గంటలకు పిన్ చేస్తే ఆ బాధ ఉండదు.

"రేపు" అన్న మాట

వాట్సాప్‌లో, స్టోరీలో "రేపు సాయంత్రం 7కి" అని రాయొచ్చు. ఫీడ్ పోస్టులో రాయకూడదు. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ ఫీడ్ పోస్టుల్ని పెట్టిన వరసలో చూపించవు. శనివారం "రేపు" అని పెట్టింది ఆదివారం మధ్యాహ్నం కొందరికి కనిపిస్తుంది, వాళ్లు సోమవారం అనుకుంటారు. "ఇంకా 3 రోజులు" అన్న పోస్టర్‌కీ ఇదే గతి. పైగా మనలో కొందరు ఇవాళ్టిని కలిపి లెక్కపెడతారు, కొందరు కలపరు. ఫీడ్‌లో ఎప్పుడూ వారం, తేదీ, సమయం మూడూ రాయండి: జూలై 5, ఆదివారం, సాయంత్రం 7. అంకెలతోనే కౌంట్‌డౌన్ కావాలనుకుంటే స్టోరీ స్టిక్కర్ వాడండి, లెక్క అదే మార్చుకుంటుంది.

విదేశాల్లో ఉన్నవాళ్లు కూడా చూస్తారనుకుంటే వాళ్ల సమయం కూడా పక్కన రాయాలి. మన సాయంత్రం 7 అంటే దుబాయ్‌లో 5:30. న్యూయార్క్‌లో వేసవిలో ఉదయం 9:30, నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు మార్చాక 8:30. కాలిఫోర్నియాలో వేసవిలోనే ఉదయం 6:30, కాబట్టి ఆ రోజు పొద్దున 10:30కి పంపే రిమైండర్ వాళ్లకి ముందురోజు రాత్రి 10కి, పడుకోబోయే వేళ పడుతుంది. వాళ్ల కోసం లెక్కలోకి వచ్చేది ముందురోజు సందేశమే.

షెడ్యూల్ చేసే సాధనంలో టైమ్ జోన్ ఏముందో కూడా ఒకసారి చూడాలి. ఖాతా తెరిచినప్పుడు ఎవరో వేరే దేశం ఎంచుకుని ఉంటే అన్ని పోస్టులూ తప్పు గంటకి వెళ్తాయి. అరగంట తర్వాతకి ఒక మామూలు పోస్టు పెట్టి, అది సమయానికి వచ్చిందో లేదో చూసుకున్నాకే మిగతావి పెట్టండి.

లింకు చచ్చిపోవడం, తేదీ మారడం

అన్నీ చక్కగా పెట్టుకున్నా చివర్లో దెబ్బతీసేది లింకు. యూట్యూబ్ స్టూడియోలో `Schedule stream` ద్వారా పెట్టిన లైవ్‌కి ఒక చిరునామా వస్తుంది, పోస్టులన్నింట్లోనూ అదే ఉంటుంది. ఆదివారం సాయంత్రం కంగారులో `Manage` లోకి వెళ్లి ఆ షెడ్యూల్ చేసిన లైవ్‌ని తెరవకుండా కొత్తగా ప్రసారం మొదలుపెడితే ఇంకో చిరునామాతో వేరే లైవ్ పుడుతుంది. ఇక్కడ మాట్లాడుతూ ఉంటారు, జనమేమో వెయిటింగ్ పేజీలోనే ఉంటారు. దీన్ని పసిగట్టడం తేలిక. వాట్సాప్‌లో పంపిన లింకునే ఇంకో ఫోన్లో తెరిచి పెట్టుకోండి. మీరు మాట్లాడటం మొదలెట్టిన నిమిషంలోపు అందులో బొమ్మ రాకపోతే తప్పు చోట మాట్లాడుతున్నట్టే. చానల్‌లో లైవ్ ఎప్పుడూ చేయనివాళ్లు మొదటిసారి దాన్ని తెరిపించుకోవడానికి 24 గంటల దాకా పట్టొచ్చు. ఆ పని జూన్ 28కి ముందే అయిపోవాలి, లేకపోతే పోస్టుల్లో ఇవ్వడానికి లింకే ఉండదు.

తేదీ మార్చాల్సి వస్తే పాత లైవ్‌ని తీసేయకండి. అదే లైవ్‌లో సమయం మార్చితే చిరునామా మారదు, `Notify me` నొక్కినవాళ్లూ మిగులుతారు. తర్వాత ఎక్కడెక్కడ ఏ పోస్టు వరసలో ఉందో చూసి ఒక్కొక్కటే ఆపాలి. దానికోసం మొదటి రోజే ఒక షీటులో నాలుగు గడులు పెట్టుకోండి: ప్లాట్‌ఫాం, రోజు, గంట, అందులో తేదీ ఎక్కడెక్కడ రాసుంది. బొమ్మ మీద అచ్చేసిన తేదీని ఎడిట్ చేయలేం, ఆ పోస్టు తీసేసి కొత్తది పెట్టాల్సిందే. అందుకే తేదీ ఖాయం కాకముందు తయారుచేసే పోస్టర్లలో తేదీని బొమ్మ మీద కాకుండా కింద రాతలో పెట్టడం నయం.

తర్వాతి వెబినార్‌కి ఏది ఉంచాలి, ఏది తీయాలి

ప్రతి సందేశం పంపే ముందు ఫారంలో ఎన్ని పేర్లున్నాయో, మూడు గంటల తర్వాత ఎన్నున్నాయో రాసుకోండి. పక్కనే గ్రూపులో సభ్యుల సంఖ్య కూడా. గురువారం సందేశం తర్వాత పేర్లు పెద్దగా పెరగకపోయినా దిగులు పడకండి, దాని పని పత్రాలు తెప్పించడం. అది జరిగిందో లేదో లైవ్‌లోనే తెలుస్తుంది: "ఫారం 16 బి భాగం తీయండి" అన్నప్పుడు చాట్‌లో ఎంతమంది "లేదు" అంటున్నారో చూస్తే సరి. శనివారం సందేశం తర్వాత పేర్లు పెరక్కపోగా ఇద్దరు ముగ్గురు గ్రూపు వదిలితే వచ్చేసారి దాన్ని తీసేయండి. 7:15 దాకా కొత్తవాళ్లు వస్తూనే ఉంటే చివరి సందేశం ముందే వెళ్లిపోయిందనో, కింద పడిపోయిందనో అర్థం. 7:02కే చూసేవాళ్ల సంఖ్య నిలకడకి వచ్చిందంటే 6:50 సరిగ్గా కుదిరినట్టు.

ఇక రికార్డింగ్ కావాలని గడి నొక్కినవాళ్లకి ఆ రాత్రే 10:30కి లింకు పంపండి. బి షిఫ్టు దిగి ఇంటికొచ్చి, అన్నం తింటూ ఫోను చూసే వేళ అది. ఫారం 16 ఎక్కడ మొదలైంది, ఏఐఎస్ ఎక్కడ మొదలైంది అన్న నిమిషాల గుర్తులు కూడా రాసి పంపితే గంట వీడియోలో వాళ్లకి కావాల్సిన పది నిమిషాలు వాళ్లే వెతుక్కుంటారు.